1993లో జరిగిన పెళ్లికి ఇప్పుడు మ్యారేజ్ సర్టిఫికెట్ – రిజిస్ట్రార్‌కి రాసే లెటర్ ఒకసారి చూడండి

కూకట్‌పల్లి వాసి

అందరికీ నమస్కారం. మా పెళ్లి 1993 మేలో తెనాలి దగ్గర మా అత్తగారి ఊళ్లో, వాళ్ల ఇంటి ముందు పందిట్లోనే జరిగింది. అప్పట్లో రిజిస్ట్రేషన్ మాటే ఎవరూ ఎత్తలేదు. ఇన్నేళ్లలో ఆ కాగితం అవసరం కూడా రాలేదు. ఇప్పుడు మా అమ్మాయికి అమెరికా పౌరసత్వం వచ్చింది. మా ఇద్దరికీ గ్రీన్ కార్డు కోసం ఐ-130 పిటిషన్ వేస్తానంటోంది. అమ్మకైతే తన బర్త్ సర్టిఫికెట్ సరిపోతుందట. నాకు మాత్రం మా పెళ్లి సర్టిఫికెట్ కూడా పెట్టాలట.

హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించాలని అనుకుంటున్నాం. లెటర్ ఒకటి రాసుకున్నాను. ముఖ్యమైన పేరా ఇది:

"అయ్యా, మా వివాహం 12-5-1993న జరిగినది. అనివార్య కారణముల వలన రిజిస్టర్ చేయించుకొనలేకపోయితిమి. కావున ఆలస్యమును మన్నించి సర్టిఫికెట్ ఇప్పించగలరు. వయసు ధ్రువీకరణకు ఇద్దరి ఆధార్ కార్డులు జతపరచడమైనది. సాక్షులు: 1) నా భార్య మేనమామ, 2) నా స్నేహితుడు, 3) మా పక్క ఫ్లాట్ వారు."

శుభలేఖ ఉంది. ఫోటోలు రంగు వెలిసిపోయాయి కానీ మనుషులు తెలుస్తున్నారు. ఇంత లేటుకి ఏమంటారో అని టెన్షన్‌గా ఉంది. ఇందులో ఏమైనా మార్చాలా?

కృష్ణా తీరం

అన్నగారూ, ముప్పై ఏళ్లు దాటిన పెళ్లిని సబ్ రిజిస్ట్రార్ చెయ్యరు. కోర్టు నుంచి డిక్లరేషన్ తెచ్చుకోమంటారు. మా వైపు చాలామంది చేసేది చెప్తున్నాను. ఏదైనా గుళ్లో మళ్లీ దండలు మార్చుకుని, దేవస్థానం రసీదు తీసుకుని, ఆ తేదీతో రిజిస్టర్ చేయించుకుంటారు. వారంలో పని అయిపోతుంది.

డల్లాస్ అమ్మాయి

బాబాయిగారూ, ఆ గుడి దారి మాత్రం దయచేసి వద్దు. మీ అమ్మాయి పుట్టిన సంవత్సరం ఎంత? పెళ్లి తేదీ 2025 అని సర్టిఫికెట్ వస్తే, బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రిగా మీ పేరు ఎప్పటినుంచో ఉంటుంది. ఫైల్ చూసే ఆఫీసర్ ముందు అదే అడుగుతారు. తండ్రికి వేసే పిటిషన్‌లో పెళ్లి సర్టిఫికెట్ అడిగేదే, బిడ్డ పుట్టేనాటికి తల్లిదండ్రులు దంపతులని చూపించడానికి. కొత్త తేదీ వేస్తే ఆ ఒక్క మాటే చెడిపోతుంది.

మా నాన్నగారి కేసులో సర్టిఫికెట్ లేటుగా రిజిస్టర్ అయింది. దానితో పాటు పాత రుజువులు కూడా పంపాం. లేటుగా తీసుకున్న సర్టిఫికెట్ ఒక్కటే పెడితే ఇంకా ఆధారాలు చూపించమని లెటర్ రావచ్చు. కాబట్టి రిజిస్ట్రార్‌కి ఇచ్చే ప్రతి కాగితానికి ఒక కాపీ మీ దగ్గర కూడా ఉంచుకోండి.

కూకట్‌పల్లి వాసి

అమ్మాయి 1995లో పుట్టిందమ్మా. గుడి ఆలోచన నాకూ లేదు. మేం చేసుకున్న పెళ్లి ఒకటే, దానికే కాగితం కావాలి.

పాత దస్తావేజు

నమస్కారం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసి రిటైర్ అయ్యాను. పెళ్లిళ్ల రిజిస్టర్ చాలాకాలం నా టేబుల్ మీదే ఉండేది.

ముందు ఆలస్యం సంగతి. హిందూ వివాహ చట్టం 8వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్‌కి ఇన్ని రోజుల్లో రావాలన్న గడువు లేదు. రిజిస్టర్‌లో ఎక్కనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని కూడా అదే సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. తప్పనిసరి రిజిస్ట్రేషన్ గురించి సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది 2006లో. మీ పెళ్లి అంతకు ఎంతో ముందుది. కాబట్టి "మన్నించగలరు" అని వేడుకోనక్కర్లేదు. "అనివార్య కారణములు" అన్న మాట కూడా తీసేయండి. అది చదివిన వాళ్లకి ఏదో దాస్తున్నారని అనిపిస్తుంది. అప్పట్లో మా ఊళ్లో అలవాటు లేదు, అవసరం రాలేదు, ఇప్పుడు ఫలానా పనికి కావాలి. ఉన్నదిదే కదా, అదే రాయండి. రెండు మూడు వాక్యాలు చాలు.

సర్టిఫికెట్‌లో పెళ్లి జరిగిన తేదీ వేరు, రిజిస్టర్ అయిన తేదీ వేరు. రెండూ కనిపిస్తాయి. పాత పెళ్లికి కొత్త తేదీ రాయించే అవసరమే లేదు. ఆఫీసులో అసలు చూసేది ఆలస్యాన్ని కాదు, మూడు విషయాల్ని. పెళ్లి తేదీ, ఆ తేదీకి ఇద్దరి వయసు, సాక్షులు. మీ లెటర్‌లో ఈ మూడింటి దగ్గరా ప్రశ్నలు వస్తాయి. రెండు విషయాలు చెప్పండి. శుభలేఖలో ముహూర్తం ఎలా అచ్చయింది? ఇంట్లో అమ్మగారి ఆధార్‌లో పుట్టిన తేదీ ఎంత ఉంది?

కూకట్‌పల్లి వాసి

సార్, కార్డు ముందు పెట్టుకుని యథాతథంగా టైప్ చేస్తున్నాను: "శ్రీముఖ నామ సంవత్సర వైశాఖ మాసమున, తే. 12-5-1993 బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం 2-40 ని.లకు". ఆవిడ ఆధార్‌లో 01-01-1977 అని ఉంది. టెన్త్ సర్టిఫికెట్‌లో 14-8-1974. ఆధార్ తీసిన రోజు సర్టిఫికెట్ దగ్గర లేకపోతే అక్కడి కుర్రాడు వయసు అడిగి ఏదో వేశాడు.

పాత దస్తావేజు

నేను అనుకున్నది అదే. జనవరి ఒకటో తేదీ ఉన్న ఆధార్‌లు ఎన్నో చూశాను.

ఆధార్ ప్రకారం లెక్కేస్తే పెళ్లినాటికి ఆవిడకి పదహారేళ్లు. హిందూ వివాహ చట్టంలో పెళ్లికూతురికి 18, పెళ్లికొడుక్కి 21 నిండాలి. గుమాస్తా మొదట చేసే లెక్క ఇదే. మీరు ఆధార్‌ని వయసు రుజువుగా పెడితే, మీ చేతులతో మీరే అభ్యంతరం రాసిచ్చినట్టు. టెన్త్ ప్రకారమైతే 18 ఏళ్లు నిండి తొమ్మిదో నెల. ఏ ఇబ్బందీ లేదు. వయసుకి టెన్త్ సర్టిఫికెట్ పెట్టండి, ఆధార్‌ని అడ్రస్ వరకే చూపండి. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా అంది. అయినా రెండు తేదీలు ఒకే ఫైల్‌లో కనిపిస్తే మాటలు పెరుగుతాయి. టెన్త్ సర్టిఫికెట్ చేతిలో ఉంది కాబట్టి, ముందు ఆధార్‌లో తేదీ సరిచేయించుకుని అప్పుడు వెళ్లమనే నా సలహా. అమెరికా ఫైల్‌కి కూడా అదే మంచిది.

ఇక ముహూర్తం. రాత్రి 2-40 అంటే ఇంగ్లిష్ లెక్కలో అప్పటికే 13వ తేదీ, గురువారం. మనవాళ్లకి తెల్లవారేదాకా బుధవారమే కాబట్టి కార్డులో 12 అచ్చేశారు. పెళ్లి తేదీ 13-5-1993 అని రాసి, కార్డులో ఎందుకు 12 ఉందో ఒక్క వాక్యంలో లెటర్‌లోనే చెప్పండి. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

రైల్వే నాన్న

అయ్యా, ఇక్కడ నేను ఒప్పుకోను. మా ఆఫీసులో క్లర్కు కార్డు పక్కన పెట్టుకుని ఫారంతో సరిపోలుస్తాడు. కార్డులో 12 ఉంటే ఫారంలో 12 ఉండాల్సిందే, లేకపోతే వెనక్కి పంపుతాడు. మా పెళ్లి కూడా తెల్లవారుజాము ముహూర్తమే. కార్డు తేదీతోనే రిజిస్టర్ అయింది, ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ అనలేదు.

పాత దస్తావేజు

మీ మాటలోనూ న్యాయం ఉంది. కార్డు తేదీతో ఎక్కించిన ఆఫీసులూ ఉన్నాయి. ఇంతకుముందు ఎక్కడైనా పెళ్లి తేదీ రాసిచ్చారా అన్నది చూసుకోవాలి. ఆఫీసులో నామినేషన్ ఫారం, ఎల్ఐసీ ప్రపోజల్, అమ్మాయి ఇమ్మిగ్రేషన్ ఫారాలు, వీటిలో ఏ తేదీ ఉంది? అన్నిట్లో ఒకే తేదీ ఉంటే దాన్ని వదలొద్దు. ఎక్కడా రాయకపోతే మాత్రం 13 వేసి వివరణ ఇవ్వడమే సరైనదని నా అభిప్రాయం. ఎందుకంటే ఫారం కింద ఇద్దరూ నిజమని సంతకం పెడుతున్నారు.

కూకట్‌పల్లి వాసి

ఎల్ఐసీ కాగితాలు తీసి చూశాను సార్. పెళ్లి తేదీ ఎక్కడా అడగలేదు. 13 అనే రాస్తాను.

ఎర్రమంజిల్ రాజు

సార్, నాది కూడా ఇదే సమస్య. మాకు 2008లో రిజిస్ట్రేషన్ అయింది. సంతకాలు పెట్టాం, సాక్షులు పెట్టారు. సర్టిఫికెట్ ఇల్లు మారినప్పుడు పోయింది. నేను కూడా సాక్షుల్ని మళ్లీ తీసుకెళ్లాలా? ఒక సాక్షి చనిపోయారు.

పాత దస్తావేజు

రాజుగారూ, మీది వేరే సంగతి. మీ పెళ్లి రిజిస్టర్‌లో ఉంది కదా. సాక్షులతో పని లేదు. అదే ఆఫీసుకి వెళ్లి సర్టిఫైడ్ కాపీకి అప్లై చేసి ఫీజు కట్టండి. రిజిస్టర్ అయిన తేదీ గుర్తుంటే వెతకడం తేలిక. ఆఫీసు పరిధి మారి ఉంటే పాత రిజిస్టర్లు ఎక్కడికి పంపారో అక్కడే చెప్తారు.

కూకట్‌పల్లి గారి సాక్షుల దగ్గరికి వద్దాం. పక్క ఫ్లాట్ ఆయన మీ పెళ్లికి వచ్చారా?

కూకట్‌పల్లి వాసి

లేదండి. ఆయన పరిచయమే ఇక్కడికి వచ్చాక. చాలా మంచి మనిషి, ఎప్పుడు రమ్మన్నా వస్తానన్నారు. 1988లో పుట్టారు.

పాత దస్తావేజు

1993 మే నాటికి ఆయనకి అయిదేళ్లు. సాక్షి ఆధార్ చూడగానే పుట్టిన సంవత్సరం కనిపిస్తుంది. తీరా ఆయన సంతకం పెట్టేది "ఈ పెళ్లి నేను చూశాను" అన్న మాట కింద. అబద్ధపు ప్రకటన నేరం. మీ మీద అభిమానంతో వచ్చిన మనిషిని అందులోకి లాగొద్దు.

ముగ్గురు సాక్షులూ ఆ రోజు పందిట్లో ఉన్నవాళ్లే కావాలి, అప్పటికి తెలిసిన వయసు వాళ్లై ఉండాలి. బంధువులైనా ఫర్వాలేదు. పాత పెళ్లిళ్లకి బంధువులే నయం, ఎందుకంటే వాళ్లు ఫోటోల్లో ఉంటారు. చేయించిన పురోహితుడు ఉంటే అంతకు మించిన సాక్షి లేడు. కన్యాదానం చేసినవాళ్లు గానీ, తలంబ్రాల ఫోటోలో పక్కన నిలబడ్డవాళ్లు గానీ దొరికితే, ఆ ఫోటో జిరాక్స్ మీద ఆ మనిషిని చిన్న గీతతో చూపించి పేరు రాయండి. "పెళ్లికి వచ్చాడు" అనడం కంటే ఇదిగో ఇక్కడ ఉన్నాడు అని చూపించడం ఎంతో బలం.

కూకట్‌పల్లి వాసి

పురోహితుడుగారు కాలం చేశారు. మా ఆవిడ పెదనాన్నగారి అబ్బాయి ఉన్నాడు, 1970లో పుట్టాడు. బాసికం కట్టే ఫోటోలో మా ఆవిడ వెనకాలే నిలబడి ఉన్నాడు, చేతిలో కొబ్బరి బోండాం కూడా స్పష్టంగా కనిపిస్తోంది. మేనమామగారు 1956, నా స్నేహితుడు 1967. ఈ ముగ్గురూ వస్తారు.

ఇంకో సంగతి. ఆవిడ టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో మా ఇంటిపేరు.

పాత దస్తావేజు

అది అందరి ఇళ్లలో ఉండేదే. ఇద్దరూ ఒకరేనని లెటర్‌లో ఒక వాక్యం, నోటరీ అఫిడవిట్‌లో ఒక పేరా. అంతకుమించి పెంచొద్దు.

నేను మార్చి రాసిన లెటర్ కింద ఇస్తున్నాను. ఖాళీల్లో మీ వివరాలు నింపుకోండి.

"తేదీ: ……
సబ్ రిజిస్ట్రార్, హిందూ వివాహాల రిజిస్ట్రార్ గారికి, …… కార్యాలయం.

విషయం: 13-5-1993న జరిగిన మా వివాహాన్ని హిందూ వివాహ చట్టం, 1955, సెక్షన్ 8 కింద రిజిస్టర్ చేసి సర్టిఫికెట్ ఇవ్వవలసిందిగా విన్నపం.

అయ్యా,

మేము …… (భర్త, పుట్టిన తేదీ ……) మరియు …… (భార్య, పుట్టిన తేదీ 14-8-1974), ప్రస్తుత నివాసం ……. మా వివాహం గుంటూరు జిల్లా, తెనాలి సమీపంలోని …… గ్రామంలో వధువు తండ్రిగారి ఇంటి వద్ద, హిందూ సంప్రదాయం ప్రకారం మాంగల్యధారణ, సప్తపదితో జరిగింది. ముహూర్తం 12-5-1993 బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం 2-40 గంటలకు కావడం వల్ల శుభలేఖలో 12వ తేదీ అచ్చయింది. క్యాలెండర్ ప్రకారం వివాహం జరిగిన తేదీ 13-5-1993.

ఆనాటికి మేమిద్దరం అవివాహితులం. చట్టం చెప్పిన వయసు ఇద్దరికీ నిండింది. అప్పటి నుంచి ఇప్పటి వరకు దంపతులుగా కలిసి ఉంటున్నాం. మాకు 1995లో కుమార్తె జన్మించింది.

వివాహం జరిగిన రోజుల్లో మా గ్రామంలో రిజిస్ట్రేషన్ చేయించుకునే అలవాటు లేదు. ఆ తరువాత సర్టిఫికెట్ అవసరం కలగలేదు. ఇప్పుడు విదేశంలో ఉన్న మా కుమార్తె మా తరఫున దాఖలు చేసే దరఖాస్తుకు ఇది అవసరమైంది. ఇంతకుముందు ఈ వివాహాన్ని మరే కార్యాలయంలోనూ రిజిస్టర్ చేయించుకోలేదు.

భార్య పదవ తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరుతో …… అని, ఆధార్‌లో …… అని ఉన్న ఇద్దరూ ఒకరే. ఇందుకు అఫిడవిట్ జతపరిచాం.

వివాహానికి స్వయంగా హాజరైన సాక్షులు:
1. ……, పుట్టిన సంవత్సరం 1956, వధువు మేనమామ, నివాసం ……. కన్యాదాన సమయంలో పక్కనే ఉన్నారు.
2. ……, 1970, వధువు పెదనాన్నగారి కుమారుడు, నివాసం ……. 3వ ఫోటోలో వధువు వెనుక ఉన్నారు.
3. ……, 1967, వరుని స్నేహితుడు, నివాసం ……. 5వ ఫోటోలో వరుని కుడివైపు ఉన్నారు.

ముగ్గురూ మీరు చెప్పిన రోజున ఒరిజినల్ గుర్తింపు కార్డులతో హాజరై సంతకం చేస్తారు.

జతపరిచినవి: శుభలేఖ ఒరిజినల్, వివాహ ఫోటోలు, ఇద్దరి పదవ తరగతి సర్టిఫికెట్లు, నివాస రుజువులు, కుమార్తె బర్త్ సర్టిఫికెట్, పాత రేషన్ కార్డు, అఫిడవిట్, సాక్షుల గుర్తింపు కార్డుల జిరాక్సులు.

దయచేసి మా వివాహాన్ని రిజిస్టర్ చేసి సర్టిఫికెట్ ఇప్పించగలరు. అంగీకరించడానికి వీలు లేని పక్షంలో కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు, (ఇద్దరి సంతకాలు)"

చివరి వాక్యం తీసేయొద్దు. కౌంటర్ దగ్గర నోటిమాటగా "అవదు" అంటే మీ చేతిలో ఏమీ మిగలదు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. ఇది ఆన్‌లైన్ అప్లికేషన్‌కి బదులు కాదు. స్లాట్ ప్రకారం ఫారం మామూలుగానే నింపాలి, ఈ లెటర్ దానికి తోడుగా ఇవ్వాలి.

డల్లాస్ అమ్మాయి

పాత రేషన్ కార్డు పెట్టించడం చాలా మంచి పని చేశారు. మా నాన్నగారి ఫైల్‌లో మాకు బాగా పనికొచ్చింది అదే. సర్టిఫికెట్ అవసరం ఎవరికీ తట్టని రోజుల్లో ప్రభుత్వం ఇచ్చిన కాగితం, అందులో భార్య అని రాసి ఉంది.

మేనకోడలు

పాత దస్తావేజు గారూ, మా అక్క సంగతి అడగాలి. 1998లో మా మేనమామ కొడుకుతో పెళ్లయింది. టెన్త్ ప్రకారమే అప్పటికి అక్కకి 17 ఏళ్ల 4 నెలలు. సబ్ రిజిస్ట్రార్ వయసు చూసి కుదరదన్నారు. ఏం చెయ్యాలి?

కృష్ణా తీరం

అమ్మా, దానికి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ ఉంది. ముందే జరిగిన పెళ్లిని అందులో రిజిస్టర్ చేయించుకోవచ్చు. పెళ్లినాటి వయసు చూడరు, ఇప్పుడు ఇద్దరికీ 21 నిండితే చాలు. నెల రోజులు నోటీసు పెడతారు, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఇచ్చేస్తారు.

పాత దస్తావేజు

ఆ చట్టం 15వ సెక్షన్ గురించి కృష్ణా తీరం గారు చెప్పింది సరే. వయసు రిజిస్ట్రేషన్ నాటిదే చూస్తారు. మేనరికం కాకపోతే నేనూ అదే చెప్పేవాణ్ని. ఆ చట్టంలో కూడని వరసల పట్టికలో మేనమామ బిడ్డ కూడా ఉన్నారు. హిందూ వివాహ చట్టంలోనైతే ఆచారం ఉంటే మేనరికం చెల్లుతుంది. 15వ సెక్షన్‌లో ఆచారం పేరుతో ఇచ్చిన మినహాయింపు ఆ చట్టం అమల్లోకి రాకముందు, అంటే 1955కి ముందు జరిగిన పెళ్లిళ్లకే. మీ అక్కగారిది 1998.

ఆవిడ పెళ్లి వయసు కారణంగా చెల్లకుండా పోలేదు, ఆ భయం పెట్టుకోవద్దు. కానీ కాగితం కావాలంటే ఫ్యామిలీ కోర్టులో భార్యాభర్తలని డిక్లరేషన్ అడగడం ఒక దారి. లాయర్‌కి అన్ని కాగితాలూ చూపించి అడగండి. ఇంతకు మించి ఇక్కడ కూర్చుని చెప్పలేను.

మేనకోడలు

థాంక్యూ అండి. నిరాకరించినట్టు కాగితం ఏమీ ఇవ్వలేదు. ముందు అది అడుగుతాం.

రైల్వే నాన్న

కూకట్‌పల్లి గారూ, హైదరాబాద్‌లో ఇస్తున్నారా, తెనాలిలోనా? ఇక్కడైతే "పెళ్లి ఎక్కడ జరిగిందో అక్కడికే వెళ్లండి" అంటారేమో.

కూకట్‌పల్లి వాసి

ఇక్కడే ఇద్దామనుకుంటున్నాను. మా అడ్రస్ రుజువులన్నీ ఇక్కడివే.

పాత దస్తావేజు

పెళ్లి జరిగిన చోటైనా, దంపతులు నివాసం ఉంటున్న చోటైనా ఇవ్వొచ్చు. కానీ రాష్ట్రం విడిపోయాక ఆంధ్రాలో జరిగిన పాత పెళ్లి అంటే కొన్ని ఆఫీసులు వెనకాడుతున్నాయని విన్నాను. మీ సాక్షులు ముగ్గురూ ఎక్కడుంటారు?

కూకట్‌పల్లి వాసి

స్నేహితుడు ఇక్కడే. మేనమామగారు, బావమరిది తెనాలిలోనే. మేనమామగారికి మోకాళ్ల నొప్పి, బస్సు ప్రయాణం కష్టం.

రైల్వే నాన్న

అలాగైతే తెనాలి వెళ్లడమే నయం కదా. ఇద్దరు సాక్షులు అక్కడే ఉన్నారు, పెళ్లీ అక్కడే.

పాత దస్తావేజు

నేను కూడా అటే మొగ్గుతాను. పెళ్లి జరిగిన ఊరు ఆ ఆఫీసు పరిధిలో ఉంటే పరిధి ప్రశ్నే రాదు. ఆ గ్రామం ఇప్పుడు ఏ సబ్ రిజిస్ట్రార్ కిందకి వస్తుందో మాత్రం ముందే కనుక్కోండి. సాక్షులు వేరే ఊరి వాళ్లైనా అభ్యంతరం లేదు, కాబట్టి స్నేహితుడి హైదరాబాద్ అడ్రస్ గురించి ఆలోచించకండి.

కూకట్‌పల్లి వాసి

సరే సార్. ఆధార్ దిద్దుబాటు అవగానే తెనాలిలో స్లాట్ తీసుకుంటాం. లెటర్‌లో కార్యాలయం పేరు ఒక్కటే మార్చాలి కదా?

పాత దస్తావేజు

దానితో పాటు అఫిడవిట్‌లో కూడా మార్చండి. అందులో ఒక ఆఫీసు పేరు, లెటర్‌లో ఒకటి ఉంటే మళ్లీ రాయించుకు రమ్మంటారు. అఫిడవిట్ మీద నోటరీ తేదీ లెటర్ తేదీ కంటే తరువాతది కాకుండా చూసుకోండి, జతపరిచాం అని లెటర్‌లో రాశాం కాబట్టి.